పొడవాటి కారౌసెల్‌లో చదివేవాళ్లు అలసిపోకుండా స్లైడ్ల బరువు సర్దుకోవడం ఎలా?

ఇన్‌స్టాగ్రామ్ 2024 ఆగస్టులో ఒక కారౌసెల్‌లో, అంటే పక్కకు జరుపుతూ చూసే పోస్టులో, పెట్టగలిగే స్లైడ్ల పరిమితిని 10 నుంచి 20కి పెంచింది. చెప్పాల్సింది పది స్లైడ్లలో పట్టక ఇబ్బంది పడ్డవాళ్లకు చోటు దొరికింది. అయితే చోటు పెరిగినప్పుడు చాలామంది చేసే పని ఏమిటంటే, వరసగా ఇంకో ఐదారు స్లైడ్లు రాసేయడం. విషయం బాగుంటుంది, డిజైన్ కూడా శుభ్రంగా ఉంటుంది, కానీ చదివేవాళ్లు ఏడో స్లైడ్ దగ్గరో ఎనిమిదో స్లైడ్ దగ్గరో వదిలేస్తారు.

దీనికి మొత్తం మాటల సంఖ్య కారణమని నేను అనుకోను. బరువైన స్లైడ్లు ఒకదాని వెనక ఒకటి ఎన్ని వచ్చాయన్నదే అసలు సంగతి. ఒక్కో స్లైడ్‌లో కొత్త సంగతి ఒకటి చెబుతూ వరసగా ఐదు పెడితే, మొదటిది మనసులో కుదురుకునేలోపే ఐదోది వచ్చి పడుతుంది. మధ్యలో తేలిక స్లైడ్ ఎక్కడ పెట్టాలి, అందులో ఏం ఉండాలి అన్నది తెలిస్తే అదే విషయాన్ని, దాదాపు అన్నే స్లైడ్లలో, అలసట లేకుండా చెప్పొచ్చు.

ఉదాహరణకు 14 స్లైడ్ల కారౌసెల్ ఒకటి తీసుకుందాం. విషయం చంద్రగ్రహణం: అది ఎలా ఏర్పడుతుంది, ప్రతి పౌర్ణమికీ ఎందుకు రాదు, చంద్రుడు ఎర్రగా ఎందుకు కనిపిస్తాడు.

ముందు ప్రతి స్లైడ్‌కూ ఒక బరువు వేయండి

డిజైన్ జోలికి పోకముందే, స్లైడ్లలో ఏం రాయబోతున్నారో ఒక కాగితం మీదో నోట్స్ యాప్‌లోనో వరసగా రాసుకోండి. ఒక్కోదాని పక్కన 1, 2, 3లలో ఒక అంకె వేయండి. తెలుగులో రాసేటప్పుడు నేను పాటించే లెక్క ఇది: పన్నెండు మాటల లోపు ఉంటేనో, ఒక్క బొమ్మే ఉంటేనో 1. పదమూడు నుంచి ఇరవై ఐదు మాటల దాకా 2. అంతకు మించితే 3. నలభై మాటలు దాటితే దానికి అంకె వేయడం అనవసరం, అది రెండు స్లైడ్లు కావాల్సిందే. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటలోనే కలిసిపోతాయి కాబట్టి మన మాటలు పొడుగ్గా ఉంటాయి. అందుకే ఇంగ్లిష్ కారౌసెల్స్ చూసి అక్కడి మాటల లెక్కను ఇక్కడ వాడితే స్లైడ్ నిండిపోతుంది.

మాటల లెక్క ఒక్కటే సరిపోదు. స్లైడ్‌లో కొత్త పదం ఒకటి పరిచయం చేస్తుంటే అంకెను ఒకటి పెంచండి. ముదురు నీడకు ‘ప్రచ్ఛాయ’, లేత నీడకు ‘ఉపచ్ఛాయ’ అని రెండు కొత్త పదాలు ఒకే స్లైడ్‌లో వస్తే, అందులో ఇరవై మాటలే ఉన్నా అది 3 కిందే లెక్క. బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. బొమ్మ కదా, తేలికే అనుకుని ఆరేడు పేర్లు, బాణాలు ఉన్న పటం పెడతారు. చదివేవాళ్ల కంటికి అది పేరా కన్నా బరువు. పేర్లు మూడు దాటిన బొమ్మకు 2 వేయండి, ఐదు దాటితే 3.

మన చంద్రగ్రహణం కారౌసెల్ మొదటి రాత ఇలా ఉందనుకోండి. కవర్. తర్వాత సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరసలోకి రావడం. ముదురు నీడ, లేత నీడ గురించి ఒక పేరా. లేత నీడలో మాత్రమే పడే గ్రహణం కంటికి ఎందుకు ఆనదో ఇంకో పేరా. ఐదో స్లైడ్‌గా అందమైన పున్నమి చంద్రుడి ఫోటో. తర్వాత వరసగా ఐదు పేరాలు: కక్ష్యల మధ్య వాలు, ఆ కక్ష్యలు ఖండించుకునే చోట్లు, గ్రహణాలు ఏడాదిలో ఏ కాలంలో వస్తాయి, వాతావరణం వెలుగును వంచడం, నీలం రంగు చెదిరిపోవడం. పదకొండో స్లైడ్‌గా ‘ఆకాశం ఒక అద్భుతం’ అని పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం. ఆ తర్వాత భూమి నీడ అంచు గుండ్రంగా ఉండటం గురించి పేరా, గ్రహణం ఎలా చూడాలి, చివరి స్లైడ్.

అంకెలు వేస్తే: 1 3 3 3 1 3 3 3 3 3 1 3 2 1.

ఆ అంకెల వరసను చదవండి

తప్పు ఎక్కడుందో వరస చూడగానే కనబడుతుంది. ఆరు నుంచి పది దాకా ఐదు మూడులు. చదివేవాళ్లు జారిపోయేది సరిగ్గా అక్కడే. నేను పెట్టుకున్న హద్దు ఒక్కటే: రెండు మూడులు పక్కపక్కన ఉండొచ్చు, మూడో మూడు ఉండకూడదు. రెండు మూడుల తర్వాత తప్పకుండా 1 రావాలి, 2 సరిపోదు. అలాగే రెండు ఒకట్లు పక్కపక్కన పెట్టకండి. వరసగా రెండు తేలిక స్లైడ్లు వస్తే వేలు వేగం అందుకుంటుంది, ఆ వేగంలో తర్వాతి బరువైన స్లైడ్‌ను చదవకుండానే దాటేస్తారు.

చాలామంది చిట్కాగా చెప్పే ‘ఒక టెక్స్ట్, ఒక బొమ్మ, ఒక టెక్స్ట్, ఒక బొమ్మ’ పద్ధతి నాకు నచ్చదు. నాలుగు స్లైడ్లు చూసేసరికి ఆ క్రమం చదివేవాళ్లకు తెలిసిపోతుంది. బొమ్మ వస్తుందని ముందే తెలుసు కాబట్టి దాన్ని చూడకుండా తోసేస్తారు. విరామం కోసం పెట్టిన స్లైడ్ ఆ పని చేయదు. క్రమం కొంచెం ఎగుడుదిగుడుగానే ఉండాలి. తేలిక స్లైడ్ రావాల్సింది కష్టమైన సంగతి దగ్గర. ఒకటి విడిచి ఒకటి లెక్కన కాదు.

ఈ వరసలో ఇంకో లోపం ఉంది, అది అంకెల్లో కనబడదు. ఐదో స్లైడ్‌లోని చంద్రుడి ఫోటో, పదకొండో స్లైడ్‌లోని ‘ఆకాశం ఒక అద్భుతం’ రెండూ తేలికే, కానీ వాటితో ఏ పనీ జరగడం లేదు. వాటిని తీసేసినా చదివేవాళ్లకు నష్టం లేదు. ఏ తేలిక స్లైడ్‌నైనా ఈ ప్రశ్నతోనే పరీక్షించండి: ఇది తీసేస్తే పక్క స్లైడ్ అర్థం కావడం కష్టమవుతుందా? కాదంటే అది ఖాళీ స్లైడ్. ఒకసారి అలాంటిది తగిలితే, తర్వాత వచ్చే బొమ్మలన్నీ కూడా అలంకారమేనని చదివేవాళ్లు అనుకుంటారు.

బొమ్మ స్లైడ్‌కు పక్క స్లైడ్‌లోని మాటలను అప్పగించండి

తేలిక స్లైడ్‌ను కొత్తగా చేర్చడం కన్నా, బరువైన స్లైడ్‌ను చీల్చి అందులోంచే దాన్ని పుట్టించడం మంచి పద్ధతి. వాలు గురించిన ఆరో స్లైడ్ మొదటి రాత చూడండి:

‘చంద్రుడు భూమి చుట్టూ తిరిగే కక్ష్య, భూమి సూర్యుని చుట్టూ తిరిగే కక్ష్యతో ఒకే తలంలో ఉండదు. రెండింటి మధ్య దాదాపు 5 డిగ్రీల వాలు ఉంటుంది. ఈ వాలు వల్ల చాలా పౌర్ణములకు చంద్రుడు భూమి నీడకు కొంచెం పైనుంచి గానీ కొంచెం కిందనుంచి గానీ వెళ్లిపోతాడు. అందుకే ఆ రోజుల్లో గ్రహణం ఏర్పడదు.’

నలభై మాటలు. ఇందులో మొదటి రెండు వాక్యాలు కారణం చెబుతున్నాయి, తర్వాతి రెండూ ఆ కారణం వల్ల కంటి ముందు ఏం జరుగుతుందో చెబుతున్నాయి. కారణాన్ని మాటల్లోనే చెప్పాలి. జరిగేదాన్ని మాత్రం బొమ్మ ఇంకా బాగా చూపిస్తుంది. కాబట్టి టెక్స్ట్ స్లైడ్‌లో ఇంతే ఉంచుదాం:

‘చంద్రుడు తిరిగే దారి, భూమి తిరిగే దారి ఒకే తలంలో ఉండవు. రెండింటి మధ్య దాదాపు 5 డిగ్రీల వాలు ఉంటుంది.’

పదహారు మాటలు. తర్వాతి స్లైడ్‌లో పక్కనుంచి చూసినట్టు భూమి, దాని వెనక నీడ, ఆ నీడకు పైగా సాగిపోతున్న చంద్రుడు. బొమ్మ కింద ఒక్క వాక్యం: ‘చాలా పౌర్ణములకు చంద్రుడు నీడకు పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు.’ మూడు బరువున్న ఒక స్లైడ్ రెండుగా, ఒకటిగా విడిపోయింది. ఒక స్లైడ్ పెరిగింది నిజమే, కానీ చదివే శ్రమ తగ్గింది, విషయం ఏమీ పోలేదు.

బొమ్మ ముందు రావాలా, టెక్స్ట్ ముందు రావాలా అన్నది చాలామంది పట్టించుకోరు. దీనికి నేను చూసుకునే గుర్తు ఇది. టెక్స్ట్ స్లైడ్ భాగాలకు పేర్లు పెడుతుంటే బొమ్మ ముందు రావాలి. ముదురు నీడ, లేత నీడ అని చదివేముందే ఆ రెండు నీడలూ కంటికి కనబడి ఉంటే, పేరు వినగానే ఎక్కడ తగిలించుకోవాలో తెలుస్తుంది. టెక్స్ట్ స్లైడ్ కారణం చెబుతుంటే బొమ్మ తర్వాత రావాలి. వాలు సంగతి చదవకుండా నీడ పైనుంచి పోతున్న చంద్రుణ్ని చూస్తే అది అర్థం లేని పటంలా ఉంటుంది.

బొమ్మ గీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇన్‌స్టాగ్రామ్ కారౌసెల్ మొత్తం మొదటి స్లైడ్ కొలతలనే పాటిస్తుంది. కవర్ 1080 × 1350 నిలువు ఆకారంలో ఉంటే, అడ్డంగా గీసిన గ్రహణం పటం పక్కలు కత్తిరించుకుపోతాయి, లేదా చిన్నదైపోయి పైనా కిందా ఖాళీ మిగులుతుంది. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరసలో ఉన్న పటాన్ని పై నుంచి కిందకు గీయండి. సూర్యుడు పైన, చంద్రుడు కింద ఉన్నా శాస్త్రానికి వచ్చే లోటేమీ లేదు. వాలు బొమ్మలో కూడా అంతే, భూమి కక్ష్య తలం నిలువు గీత అయిపోతుంది కాబట్టి చంద్రుడు నీడకు కుడినో ఎడమనో కనిపిస్తాడు. అలా గీస్తే ‘పైనుంచో కిందనుంచో’ అన్న వాక్యాన్ని ‘పక్కనుంచి’ అని మార్చడం మరిచిపోవద్దు. లేదా ఈ ఒక్క బొమ్మలో సూర్యుణ్ని వదిలేసి భూమి, నీడ వరకే అడ్డంగా గీయండి, నిలువు స్లైడ్‌లో అది సరిపోతుంది.

కోట్ స్లైడ్‌కు రెండే పనులు

కోట్ స్లైడ్ అంటే ఎవరో మహానుభావుడి మాటే కానక్కర్లేదు. పొడవాటి కారౌసెల్‌లో ఎక్కువ ఉపయోగపడేది మీరు రాసిన దాంట్లోంచి తీసిన ఒక్క వాక్యమే. దానికి రెండు పనులు ఉన్నాయి. ఒకటి, ఇప్పటిదాకా చెప్పిన రెండు మూడు సంగతులను ఒక్క మాటలో బిగించడం. రెండు, కథను కొత్త ప్రశ్న వైపు తిప్పడం. ఈ రెండింటిలో ఏదీ చేయకపోతే ఆ స్లైడ్ వద్దు.

బిగించే కోట్‌లో తరచు జరిగే పొరపాటు, ముందు స్లైడ్‌లోని ఆఖరి వాక్యాన్నే పెద్ద అక్షరాల్లో మళ్లీ పెట్టడం. చదివేవాళ్లు దాన్ని ఇప్పుడే చదివి వచ్చారు, మళ్లీ చదివించినట్టు అనిపించి విసుగొస్తుంది. ఆ వాక్యం కోట్‌గా బాగుంటుందనిపిస్తే టెక్స్ట్ స్లైడ్‌లోంచి దాన్ని తీసేయండి, ఒక్కచోటే ఉండనివ్వండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. మధ్యలో పెట్టిన కోట్ స్లైడ్ ముగింపులా వినిపించడం. నిండు రంగు, మధ్యలో ఒక్క వాక్యం, ఆ వాక్యం కూడా తీర్పులా ఉంటే, చదివేవాళ్లు అయిపోయిందనుకుని వెళ్లిపోతారు. ఏడో స్లైడ్‌లో ‘ప్రకృతి నియమాలు తప్పవు’ లాంటి వాక్యం పెడితే తర్వాతి ఏడు స్లైడ్లు ఎవరి కోసం? కారౌసెల్ సగంలో వచ్చే కోట్ ఎప్పుడూ తెరిచి ఉంచిన వాక్యం కావాలి. మన ఉదాహరణలో గ్రహణం ఎప్పుడు వస్తుందన్న భాగం అయిపోయి, రంగు గురించిన భాగం మొదలయ్యే చోట ఇది సరిపోతుంది:

‘నీడలో పూర్తిగా మునిగితే చంద్రుడు నల్లబడాలి కదా. ఎర్రబడతాడెందుకు?’

ఏడు మాటలు. ఇది విరామమూ ఇస్తుంది, తర్వాతి బరువైన స్లైడ్‌కు ఆకలీ పుట్టిస్తుంది. మూలలో 8/14 అని స్లైడ్ నంబర్ ఉంచితే ఇంకా మిగిలి ఉందన్న సంగతి కూడా తెలుస్తుంది. పది స్లైడ్లు దాటిన ప్రతి కారౌసెల్‌లో ఈ నంబర్ ఉండాలని నా పట్టుదల.

నిజంగా ఎవరి మాటైనా కోట్‌గా వాడాలనుకుంటే అది వాళ్లు అన్నదేనని రుజువు చూసుకోండి. శాస్త్రవేత్తల పేర్లతో తిరిగే వాక్యాల్లో వాళ్లు అననివే చాలా ఉంటాయి. సందేహం ఉంటే పేరు తీసేసి సంగతిని మీ మాటల్లో చెప్పండి.

మళ్లీ పేర్చండి

ఇప్పుడు 14 స్లైడ్లనూ కొత్తగా వరసపెడదాం. కవర్ మీద ‘ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు?’ అన్న ప్రశ్న. రెండో స్లైడ్, మూడు గోళాలూ ఒకే వరసలోకి రావడం గురించి ఇరవై మాటలు. రెండో స్లైడ్‌గా ఉత్త ఫోటో పెట్టకూడదు. మొదటిసారి జరపకుండా వెళ్లినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి అదే పోస్టును రెండో స్లైడ్‌తో మళ్లీ చూపిస్తుంది కాబట్టి అది ఒంటరిగా చదివినా అర్థమవ్వాలి.

మూడోది రెండు నీడల బొమ్మ, రెండే పేర్లతో. నాలుగోది ఆ నీడల గురించిన బరువైన స్లైడ్. చంద్రుడు లేత నీడలో మాత్రమే పడితే మనకు తేడా సరిగా తెలియదన్నది కూడా ఇందులోనే. ఐదు, ఆరు పైన చూసిన వాలు జంట. ఏడోది మళ్లీ బరువైనది: రెండు దారులూ ఖండించుకునే చోటుకు దగ్గరగా పౌర్ణమి పడ్డప్పుడే గ్రహణం, అలాంటి కాలం సుమారు ఆరు నెలలకోసారి వస్తుంది. మొదటి రాతలో ఇవి రెండు స్లైడ్లు. వాలు బొమ్మ ముందే చూసి వచ్చారు కాబట్టి ఇప్పుడు ఒక్కదాంట్లో ముప్పై అయిదు మాటలకు దిగాయి. బొమ్మ సరైన చోట పడితే దాని తర్వాత వచ్చే టెక్స్ట్ ఇలా తగ్గుతుంది.

ఎనిమిదోది ప్రశ్న కోట్. తొమ్మిదోది, భూమి చుట్టూ ఉన్న గాలి పొర సూర్యకాంతిని వంచి నీడలోకి పంపడం, బరువు 3. పదోది, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగలడం, బరువు 2. పదకొండోది స్లైడ్ నిండా ఎర్రని చంద్రుడి ఫోటో. మొదటి రాతలో పున్నమి చంద్రుడి ఫోటో ఎందుకూ కొరగాలేదు. ఇక్కడ ఇది అవసరం, ఎందుకంటే రెండు స్లైడ్ల వివరణ దేని గురించో చదివేవాళ్లు ఇప్పుడు కళ్లతో చూడాలి. దాని మీద ఒకే వాక్యం: ‘ఆ క్షణాన భూమి అంచున ఉన్న అన్ని ఉదయాల, అన్ని సాయంత్రాల వెలుగే ఇది.’ పన్నెండోది, భూమి నీడ అంచు ఎప్పుడూ గుండ్రంగా ఉండటం, దాన్నిబట్టే భూమి గోళమని అరిస్టాటిల్ వాదించడం, ఇరవై మాటల్లో. పదమూడోది, చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూసినా ప్రమాదం లేదన్న సంగతి. చివరిది ఒక చిన్న బొమ్మతో ముగింపు స్లైడ్.

కొత్త వరస: 1 2 1 3 2 1 3 1 3 2 1 2 2 1.

మూడులు మూడే మిగిలాయి, ఏ రెండూ పక్కపక్కన లేవు. చివరి నాలుగు స్లైడ్లలో ఒక్క మూడు కూడా లేదు, అది కావాలని చేసిందే. పదో స్లైడ్ దాటినవాళ్లకు ఓపిక ఉంటుంది గానీ అది తరుగుతూ ఉంటుంది, కొత్త కష్టమైన సంగతి అక్కడ మొదలుపెట్టకూడదు.

డిజైన్‌లో చూసుకోవాల్సింది

ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1080 వెడల్పున్న స్లైడ్‌లో తెలుగు టెక్స్ట్ 42 పిక్సెల్స్ కన్నా తగ్గకుండా, వరసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోండి. వత్తులు కిందకు, గుడులు పైకి వెళతాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం మనకు ఇరుకవుతుంది, తేలిక స్లైడ్ కూడా బరువుగా కనబడుతుంది. తర్వాత అన్ని స్లైడ్లనూ చిన్నవిగా చేసి ఒకే తెరపై వరసగా పరచండి. అక్షరాలు చదవలేనంత దూరం నుంచి చూస్తే, నిండుగా బూడిదరంగు ముద్దల్లా కనిపించేవి బరువైన స్లైడ్లు. అంకెల వరసకూ ఈ ముద్దలకూ పొంతన కుదరకపోతే ముద్దలనే నమ్మండి. చదివేవాళ్ల కంటికి ముందు ఆనేది అదే.

పోస్టు చేసే ముందు ఒక వేలిని గమనించండి

ఈ విషయం తెలియని ఒకరికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా వాళ్ల బొటనవేలిని చూడండి. ముఖం చూడొద్దు, అభిప్రాయం అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. వేలు వెనక్కి జరిపితే, ముందు స్లైడ్‌లో చెప్పింది సరిగా నిలవలేదని అర్థం. సాధారణంగా ఆ రెండు స్లైడ్ల మధ్యన ఒక బొమ్మ కావాలి. బరువైన స్లైడ్‌ను ఒక్క సెకనులో దాటేస్తే, తప్పు ఆ స్లైడ్‌లో లేదు, దానికి ముందున్న రెండిటిలో వెతకండి, అలసట అక్కడే మొదలై ఉంటుంది. తేలిక స్లైడ్ మీద వేలు చాలాసేపు ఆగితే, బొమ్మ అర్థం కావడం లేదని. అందులోంచి ఒక పేరో బాణమో తీసేయండి.

చివరిదాకా వెళ్లాక ఒక్క ప్రశ్న అడగండి: ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు? వాళ్లు చేతులు వంచి వాలు చూపిస్తూ చెబితే ఆరో స్లైడ్ పని చేసినట్టు. ‘5 డిగ్రీలు ఏదో ఉంది’ అంటే టెక్స్ట్ గుర్తుంది గానీ బొమ్మ తలకెక్కలేదు, ఆ బొమ్మ మళ్లీ గీయాలి.

ఎంత చీల్చినా, ఎన్ని మాటలు తగ్గించినా వరసలో మూడు మూడులు పోవడం లేదంటే, అందులో రెండు కారౌసెల్స్‌కు సరిపడా సంగతి ఉందన్నమాట. మన ఉదాహరణలో అలా అయితే ఎనిమిదో స్లైడ్ దగ్గర విరవండి. ఆ ప్రశ్నే మొదటి భాగానికి చివరి స్లైడ్, రెండో భాగానికి కవర్ అవుతుంది.